జిమ్ ఆఫర్ రీల్‌లో బరువు పెరిగిన వారం కూడా ఉండాలి

ప్రశ్న: తిరుచానూరు రోడ్డులో చిన్న జిమ్ మాది. మూడు నెలల ఆఫర్‌కి రీల్ తీయాలి. 'ముందు–తర్వాత' ఫొటోలంటే జనం నమ్మట్లేదు. వారం వారం వచ్చే మార్పు నిజంగా చూపించే స్క్రిప్ట్ ఎలా రాయాలి?

తిరుపతిలో షాపులకి, జిమ్ములకి రీల్స్ తీస్తుంటాను. జనం ఊరికే అనుమానపడరు. ఒకే మనిషిని ఒకే రోజు, పొట్ట వదిలేసి ఒకసారి, వర్కౌట్ అయ్యాక పైనుంచి లైటు పడేలా నిలబెట్టి ఊపిరి బిగబట్టించి ఇంకోసారి తీస్తే మూడు నెలల తేడా వచ్చేస్తుంది. అందుకే ముందు షూటింగ్ పద్ధతి ఖాయం చేసుకోండి. ట్రైపాడ్ కాళ్ల దగ్గర, మనిషి నిలబడే చోట నేల మీద టేప్ అంటించండి. అదే ఫోను, జూమ్ లేకుండా, అదే టీషర్ట్, అవే ట్యూబ్‌లైట్లు, పొద్దున ఏమీ తినకముందు, వర్కౌట్‌కి ముందు. ఫోన్‌లో బ్యూటీ మోడ్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది ఒక్కోసారి, చూసి ఆపేయండి.

నేను తీసినవాటిలో ఒక బట్టల షాపు సేల్స్‌మన్ రీల్ ఇలా నడిచింది. మాటలన్నీ ఆయనవే.

మొదటి వారం: "84 కిలోలు. నడుము 39 అంగుళాలు. కుర్చీలోంచి లేవడమే నా స్క్వాట్."

నాలుగో వారం: "అద్దంలో పెద్ద తేడా లేదన్నా. కానీ 10 కిలోల డంబెల్ పట్టుకుని కూర్చుని లేస్తున్నా."

ఆరో వారం: "82 దాకా దిగి, పెళ్లి భోజనాలతో మళ్లీ 83."

పన్నెండో వారం: "79 న్నర. నడుము 36 న్నర. వారానికి నాలుగు రోజులు వచ్చా, రాత్రి తిండి తగ్గించా."

నాలుగో వారం మాట వదలకండి. కొత్తవాళ్లకి మొదటి వారాల్లో బలం పెరిగేది ఎక్కువగా నరాలు ఆ కదలికకి అలవాటుపడటం వల్ల. కండ కంటికి కనిపించడానికి ఇంకా టైం పడుతుంది. ఆరో వారం తీసేద్దామని ఆ జిమ్ ఓనర్ పట్టుబట్టారు. ఉంచాం. కామెంట్లు ఎక్కువ దాని మీదే వచ్చాయి.

చివరి ఐదారు సెకన్లు ఆఫర్‌కి. జాయినింగ్ ఫీజుతో కలిపి మొత్తం ఎంత, పర్సనల్ ట్రైనర్ అందులో ఉన్నాడా లేదా, ఆఖరి తేదీ ఎప్పుడు, అంతే. షరతులు కింద చీమల అక్షరాల్లో పెట్టొద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ అదే భాషలో, స్పష్టంగా ఉండాలి. అంటే మీది తెలుగులోనే.

అలిపిరి మెట్లు ఎక్కే షాట్ పెడదామని చాలామంది అడుగుతారు. టీటీడీ రీల్స్‌కి ఒప్పుకోదు, ఆ ఆలోచన మానేయండి.

దసరా ఆఫరైతే జులై మొదట్లోనే తీయడం మొదలుపెట్టాలి. మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు కాబట్టి ముగ్గురి దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని మొదలుపెట్టండి. అయితే ముగ్గురిలో బాగా తగ్గిన ఒక్కరినే చూపిస్తే అది కూడా పాత ట్రిక్కే. చివరి ఫ్రేములో ముగ్గురి అంకెలూ పక్కపక్కన పెట్టండి, మానేసినవాళ్లుంటే 'మానేశారు' అనే రాయండి.