షేర్లన్నీ మనవే అయినా కంపెనీ సొమ్ము అప్పుగా తీసుకోవచ్చా?

ప్రశ్న: విజయవాడలో మాకో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. నేను, మా ఆవిడే డైరెక్టర్లం, షేర్లన్నీ మావే. మూలధనం రూ.10 లక్షలు, రిజర్వులు రూ.80 లక్షలు. బ్యాంకు క్యాష్ క్రెడిట్‌లో రూ.40 లక్షలు వాడుతున్నాం. ఇంటి కోసం కంపెనీ నుంచి రూ.25 లక్షలు అప్పు తీసుకుని రెండేళ్లలో తీర్చేయవచ్చా? లేదా గృహరుణానికి కంపెనీతో హామీ ఇప్పించవచ్చా?

జవాబు: ఇప్పుడున్న లెక్కల ప్రకారం రెండూ కుదరవు. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 185 ప్రకారం డైరెక్టరుకు గానీ, ఆయన భార్య, పిల్లలు, తోబుట్టువుల వంటి బంధువులకు గానీ, వాళ్లు భాగస్వాములుగా ఉన్న ఫర్మ్‌కు గానీ కంపెనీ అప్పు ఇవ్వకూడదు. వాళ్ల అప్పుకు హామీ కూడా ఉండకూడదు. మీరిద్దరూ కలిసి మామూలు తీర్మానం చేసుకున్నంత మాత్రాన చెల్లదు. ఈ నియమం అతిక్రమిస్తే కంపెనీకి రూ.5 లక్షల నుంచి 25 లక్షల దాకా జరిమానా పడుతుంది. అప్పు తీసుకున్న డైరెక్టరుకు ఆరు నెలల వరకు జైలు శిక్షకూ అవకాశం ఉంది.

చిన్న ప్రైవేట్ కంపెనీలకు 2015లో కొన్ని షరతులతో ఒక మినహాయింపు ఇచ్చారు. వేరే కంపెనీ పెట్టుబడి ఉండకూడదు. కంపెనీ తెచ్చుకున్న అప్పులు మూలధనానికి రెట్టింపు కన్నా, రూ.50 కోట్ల కన్నా తక్కువగా ఉండాలి. వాటి చెల్లింపుల్లో ఎగవేత ఉండకూడదు. కంపెనీల రిజిస్ట్రార్‌కు ఏటా ఇవ్వాల్సిన పత్రాలన్నీ దాఖలై ఉండాలి. మీకు అడ్డుపడేది రెండో షరతే: మూలధనానికి రెట్టింపు రూ.20 లక్షలు, మీ బ్యాంకు అప్పు రూ.40 లక్షలు.

రిజర్వుల్లోంచి రూ.15 లక్షలకు బోనస్ షేర్లు ఇస్తే మూలధనం రూ.25 లక్షలవుతుంది, పరిమితి రూ.50 లక్షలకు పెరుగుతుంది. అప్పుడు కంపెనీల చట్టం అడ్డురాదు. కానీ అసలు దెబ్బ ఆదాయపు పన్నులో ఉంది, చాలామంది చూసుకోనిదీ ఇదే. ఇలాంటి కంపెనీలో 10 శాతం, ఆపైన ఓటింగ్ హక్కున్న షేర్‌హోల్డరుకు ఇచ్చిన అప్పును, కంపెనీ దగ్గర పోగైన లాభాల మేరకు డివిడెండ్‌గా లెక్కేస్తారు. అంటే మొత్తం రూ.25 లక్షలూ మీ ఆదాయంలో కలిసి స్లాబు రేటున పన్ను పడుతుంది. తర్వాత అప్పు తీర్చేసినా ఆ పన్ను వెనక్కి రాదు. పన్నూ కట్టి, అసలూ తిరిగి కట్టడమెందుకు?

అందుకే అప్పు ఆలోచన మానేయండి. ముందు కంపెనీ పుస్తకాల్లో మీ పేరున ఉన్న ఖాతా చూడండి. గతంలో మీరు కంపెనీకి ఇచ్చిన అప్పు నిల్వ ఉంటే అంతవరకు వెనక్కి తీసుకోవచ్చు. అది మీ సొమ్మే, పన్ను లేదు. అయితే నిల్వను మించి ఒక్క రూపాయి తీసుకున్నా మీరే బాకీదారు అవుతారు. అది చాలకపోతే, చేస్తున్న పనికి తగినంత జీతం పెంచుకోండి. దానిమీద మీకు పన్ను పడినా, కంపెనీకి అది ఖర్చు కింద తగ్గుతుంది. డివిడెండ్‌లో ఆ సౌలభ్యం లేదు. మిగతా మొత్తానికి ఆ ఇంటినే తనఖా పెట్టి, మీ ఇద్దరి ఆదాయం చూపించి గృహరుణం తీసుకోండి. అప్పుడు కంపెనీ హామీతో పనే ఉండదు.