వినీతా శర్మ తీర్పు సారాంశాన్ని తిరగరాయడం గురించి

అమ్మాయికి ఆశీస్సులు.

న్యాయ సహాయ వార్తాపత్రిక కోసం నువ్వు పంపిన వినీతా శర్మ కేసు సారాంశాన్ని రెండుసార్లు చదివాను. అందులో చట్టపరమైన తప్పేమీ లేదు. అయితే అది 2015 నాటి ప్రకాశ్–ఫూలవతి తీర్పుతో మొదలై, 2018 నాటి దానమ్మ తీర్పు మీదుగా సాగింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఏం తేల్చిందో ఆరో పేరాలో గానీ తెలియలేదు. న్యాయవాదికి ఆ వరుస అలవాటే. మన పత్రిక చదివే పారా లీగల్ వాలంటీరు మాత్రం ఎదురుగా కూర్చున్న మహిళకు అప్పటికప్పుడు జవాబు చెప్పాలి.

అందుచేత ముందుగా కోర్టు ముందున్న ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయి: హిందూ వారసత్వ చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికే తండ్రి చనిపోయి ఉంటే, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంటుందా? దాని కిందనే జవాబు రాయి: ఉంటుంది, తండ్రి ఆ రోజుకు బతికి ఉండాల్సిన అవసరం లేదు. ముందటి రెండు తీర్పుల ప్రస్తావన చివర ఒక వాక్యంలో సరిపోతుంది.

నీ శీర్షికలోని ‘పిత్రార్జితం’ అనే మాటను తీసెయ్యి. మనవాళ్లు తండ్రి నుంచి వచ్చే ప్రతి ఆస్తినీ ఆ మాటతోనే పిలుస్తారు. చాలా ఏళ్ల కిందట నేనూ ‘తండ్రి ఆస్తిలో కూతురికి సమాన వాటా’ అని శీర్షిక పెట్టాను. అది పట్టుకుని ఒకావిడ ఎంతో ఆశతో వచ్చింది. తండ్రి తన సొంత సంపాదనతో కట్టిన ఇంటిని వీలునామా ద్వారా కొడుక్కి రాసిపోయాడు. ఆ ఇంటికి ఈ హక్కు వర్తించదని ఆమెకు చెప్పవలసి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే మొదటి పేరాలోనే ‘ఉమ్మడి కుటుంబ ఆస్తి’ అని రాసి, తండ్రి స్వార్జితం ఇందులోకి రాదని వెంటనే చెప్పాలి.

కారణాల దగ్గర నువ్వు ‘రిట్రోయాక్టివ్’ అన్న మాటతో ఆగిపోయావు. కోర్టు చూపిన దారి అంత కష్టమైనది కాదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకు హక్కు అతని పుట్టుకతో వస్తుంది, తండ్రి మరణంతో కాదు. 2005 సవరణ కూతుర్నీ అదే స్థానంలో నిలబెట్టింది. కాబట్టి హక్కుకు మూలం ఆమె పుట్టుక, దాన్ని అడగగలిగేది మాత్రం 2005 సెప్టెంబరు 9 నుంచి. దీనికి ఇంకొక కారణం కూడా చేర్చు, ఎందుకంటే ‘నాన్న పోయినప్పుడే పంపకం అయిపోయినట్టు లెక్క’ అన్న వాదన మన ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది. చనిపోయినవారి వాటా ఎంతో తేల్చడానికి పాత చట్టం ఊహించుకోమన్న పంపకం లెక్క కోసమేనని, దానివల్ల ఆస్తి నిజంగా విడిపోదని కోర్టు చెప్పింది.

ఆచరణలో ఏం మారుతుందన్న భాగానికి ఎక్కువ చోటు ఇవ్వు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ పత్రం ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ పంపకం పూర్తయి ఉంటే, లేదా ఆ తేదీకి ముందే ఆస్తి అమ్ముడుపోయి ఉంటే, దాన్ని ఇప్పుడు తిరగదోడలేరు. దావాలో ప్రిలిమినరీ డిక్రీ మాత్రమే వచ్చి, ఫైనల్ డిక్రీ ఇంకా రాకపోతే కూతురు తన వాటా అడగవచ్చు. నోటిమాట పంపకాల గురించి ‘చెల్లవు’ అని రాశావు; ‘సాధారణంగా అంగీకరించరు’ అని దిద్దు. పబ్లిక్ డాక్యుమెంట్ల ఆధారంగా గట్టిగా రుజువైన అరుదైన సందర్భాలకు కోర్టు చోటు ఉంచింది, ఉత్త నోటి సాక్ష్యాన్ని మాత్రం ఒప్పుకోవద్దంది.

మన రాష్ట్రాలకు సంబంధించిన ఒక మాట నీ సారాంశంలో లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి, పెళ్లికాని కూతుళ్లకే ఈ హక్కు ఇచ్చింది. అంతకు ముందే పెళ్లయిన ఆడవాళ్లు తమకేమీ రాదని ఇప్పటికీ అనుకుంటున్నారు. 2005 కేంద్ర సవరణలో పెళ్లి అడ్డు కాదని వారికోసం విడిగా ఒక పేరా రాయి.

చివర్లో, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని, 15100కు ఫోన్ చేయవచ్చని చేర్చు. తిరగరాశాక మీ మండలంలోని ఒక వాలంటీరుకు చదివి వినిపించి, ‘నాన్న 1998లో పోయారు, అన్నలు నోటిమాటగా పంచుకున్నారు, నాకు వాటా వస్తుందా?’ అని అడుగు. ఆమె కాగితం చూడకుండా ఏం జవాబు చెప్పిందో రాసి, దాంతో పాటే ప్రతిని నాకు పంపు.