మీ అమ్మ చెవిమిషన్ సెల్లులు నాలుగు రోజులకే ఎందుకు అయిపోయాయంటే

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో షాపువాడు పాత సరుకు అంటగట్టాడని తెగ తిట్టావు. నేనూ సరేలే అనబోయాను. కానీ పెట్టేసే ముందు మాటవరసకి ఒకటి అన్నావు చూడు, "అమ్మ వేళ్లకి ఆ స్టిక్కర్ ఊడట్లేదని కార్డులో ఆరింటికీ నేనే ఒకేసారి పీకేసి, టాబ్లెట్ల డబ్బాలో వేసి వచ్చాను మావయ్యా" అని, అక్కడ దొరికాడు దొంగ. షాపువాడిని వదిలెయ్.

నువ్వు చెప్పిన లెక్కే చూడు. మొదటి జత పది రోజులు వచ్చింది, రెండో జత ఏడు, మూడోది నాలుగు. సరుకే పాతదైతే మూడు జతలూ మొదట్నుంచీ తక్కువే వచ్చేవి. ఇలా మెట్లు దిగినట్టు తగ్గాయంటే, డబ్బాలో ఊరికే పడున్న రోజుల్లో కూడా అవి కరిగిపోతున్నాయన్నమాట.

ఎందుకో చెప్తాను. గోడ గడియారంలో వేసే సెల్లులో కరెంటు పుట్టడానికి కావలసిన రెండు సరుకులూ లోపలే ఉంటాయి. ఈ జింక్ ఎయిర్ సెల్లులో ఒక్కటే ఉంటుంది, జింకు పొడి. రెండోది గాలిలో ఉన్న ఆక్సిజన్, అది బయటినుంచి రావాలి. రెండోదానికి చోటు అక్కర్లేదు కాబట్టి ఆ బుల్లి డబ్బాని దాదాపు జింకుతోనే నింపేస్తారు, అందుకే శనగబద్దంత సెల్లు అన్ని రోజులు వస్తుంది. స్టిక్కర్ కింద, చదునుగా ఉన్న వైపు, కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే సూదిమొనంత కన్నాలు కనిపిస్తాయి. దాని ముక్కు అదే. గాలి వాటిల్లోంచి దూరి, సన్నటి టెఫ్లాన్ పొర దాటి, కార్బన్ పొర దగ్గర నీటితో కలిసి, అక్కణ్ణుంచి జింకును ఆక్సైడుగా మారుస్తుంది. లోపల జిగురులా ఉండే క్షారం, పొటాషియం హైడ్రాక్సైడ్, ఈ పనంతా నడిపించే తడి. ఇంకో తమాషా, వాడేసిన సెల్లు కొత్తదానికంటే కాస్త బరువుంటుంది, ఆక్సిజన్ మింగింది కదా. జింకు ఆక్సైడుగా మారితే ఉబ్బుతుంది కాబట్టి లోపల కొంచెం ఖాళీ కూడా వదులుతారు.

అంటే స్టిక్కర్ అనేది పైన అంటించిన కాగితం కాదు, స్విచ్చి. అది ఉన్నంతవరకు సెల్లు నిద్రలో ఉన్నట్టే, రెండు మూడేళ్లయినా పెద్దగా తగ్గదు. పీకిన నిమిషం నుంచి మిషన్‌లో వేసినా వెయ్యకపోయినా గడియారం తిరుగుతూనే ఉంటుంది.

అయితే ఒకటి అడుగుతావు, వాడకుండా ఉంటే జింకు ఎందుకు ఖర్చవుతుంది అని. కొంత ఊరికే అరుగుతుంది, అది చిన్న సంగతి. అసలు దెబ్బ తడి దగ్గర. ఆక్సిజన్ దూరే కన్నాల్లోంచే నీటి ఆవిరి కూడా తిరుగుతుంది. మీ కర్నూలులో ఏప్రిల్ ఎండకి గాలి పొడిగా ఉంటుంది కదా, ఆ జిగురులోని తడిని లాగేస్తుంది, తడి తగ్గితే లోపల జింకు మిగిలున్నా పనిచెయ్యదు. మా కాకినాడలో దానికి తలకిందులు, వానాకాలంలో ఆ క్షారమే గాలిలోని తేమని పీల్చుకుని ఉబ్బి, గాలికి దారి లేకుండా చేస్తుంది. రెండింటిలోనూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ క్షారంతో కలిసి కార్బొనేటుగా మారుతుంది, అదీ మెల్లగా దారులు మూసేస్తుంది. ఒకసారి కన్నాల పక్కన తెల్లటి పొడి కనిపించిందంటే ఆ సెల్లుని పారెయ్, వేలితో తుడవొద్దు.

స్టిక్కర్ మళ్లీ అంటిస్తే సరిపోతుంది కదా అని నేనూ మొదట్లో చేశాను. కాస్త నెమ్మదిస్తుందేమో కానీ ఆగదు, పైగా జిగురు కన్నాల్లో మిగిలి గాలే ఆడదు. ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకా దండగ, బయటికి తియ్యగానే సెల్లుకి చెమట పడుతుంది.

ఇప్పుడు పద్ధతి చెప్తాను. మీ అమ్మది 312 సైజు, గోధుమరంగు స్టిక్కర్. అందులో సుమారు 170 మిల్లీ ఆంపియర్ అవర్లు ఉంటాయి. మిషన్ గంటకి 1.4 తాగుతుందనుకుంటే 120 గంటలు, రోజుకి పన్నెండు గంటలు పెట్టుకుంటే పది రోజులు. నీ మొదటి జత సరిగ్గా అంతే వచ్చింది చూశావా, సెల్లు మంచిదే. ఫోన్ మాటలు నేరుగా మిషన్‌లోకి వచ్చేలా పెట్టుకుని గంటలు గంటలు మాట్లాడితే మాత్రం ఆ లెక్క తగ్గుతుంది, దానికి బెంగపడకు.

కొత్తది వేసేటప్పుడు స్టిక్కర్ పీకి, కన్నాలు పైకి ఉండేలా బల్ల మీద ఐదు నిమిషాలు వదిలెయ్. ఇది ఊరికే చెప్పే మాట కాదు, నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన చేతులు కాబట్టి మీటర్ పెట్టి చూశాను. పీకగానే 1.1 వోల్టు చుట్టూ ఉంది, ఐదు నిమిషాలకి 1.4 దగ్గరికి ఎక్కింది. వెంటనే మిషన్‌లో వేసి మూత పెట్టేస్తే లోపలికి గాలి అందడం ఆలస్యమై, కొత్త సెల్లుకే 'బ్యాటరీ తక్కువ' అని కూత పెడుతుంది, మనం అదేదో పాడైందని పారేస్తాం. వేళ్లకి నూనె గానీ లోషన్ గానీ ఉంటే కన్నాలు పూడిపోతాయి, చేతులు తుడుచుకోమను.

ఈ సెల్లు చివరిదాకా దాదాపు ఒకే వోల్టేజీ ఇస్తుంది, 1.25 దగ్గర నిలబడి, అయిపోయేటప్పుడు గబుక్కున పడిపోతుంది. కాబట్టి సౌండ్ మెల్లగా తగ్గుతుందని ఎదురుచూడొద్దు. గట్టి శబ్దం వచ్చినప్పుడల్లా మిషన్ ఆగిపోయి, కాసేపటికి మళ్లీ వస్తోందంటే చాలాసార్లు గాలి అందక ఊపిరాడట్లేదని అర్థం, మూత దగ్గర ఉన్న గాలిదారిలో దుమ్ము ఉందేమో చూడు. రాత్రి మూత తెరిచి పెట్టమను, కరెంటు ఆగుతుంది, మిషన్ ఆరుతుంది, సెల్లు గడియారం మాత్రం ఆగదు. తేమ పీల్చే డబ్బాలో మిషన్ పెడుతుంటే సెల్లు తీసి పక్కన పెట్టాలి, లేకపోతే ఆ పొడి మందు దాని తడినీ లాగేస్తుంది.

టాబ్లెట్ల డబ్బాలోంచి మాత్రం ఈరోజే తీసెయ్యి. రాత్రిపూట కళ్లద్దాలు లేకుండా బీపీ మాత్ర అనుకుని మింగిన ముసలివాళ్లు ఉన్నారు. మింగితే నిమిషం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికే.

ఇక అమ్మ వేళ్ల సంగతి. స్టిక్కర్‌కి పొడుగాటి తోక ఉన్న కార్డులు దొరుకుతాయి, అవి అడుగు. సెల్లు పైన ఉక్కు తొడుగు కాబట్టి చిన్న అయస్కాంతం ముక్క ఉన్న పుల్లతో ఎత్తి మిషన్‌లో పెట్టడం తేలిక. పీకిన స్టిక్కర్‌ని పారెయ్యకుండా వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీ మీద అంటించమని చెప్పు. రెండు చెవులవీ పది రోజులకో జత గోధుమరంగు చుక్కలు కనిపిస్తే అంతా బాగున్నట్టు. చుక్కలు దగ్గర దగ్గరగా పడుతుంటే నాకు ఫోన్ చెయ్, అప్పుడు షాపువాడిని ఇద్దరం కలిసి తిడదాం.

మావయ్య