రొయ్యల చెరువు నీళ్లు, ఫార్మా క్యూసీ ఉద్యోగం: ఒక ప్రకటనకు ఒక రెజ్యూమె

ప్రశ్న: సార్, మాది నరసన్నపేట. 2023లో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తయింది, 64 శాతం. ఏడాదిన్నరగా రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో చేస్తున్నాను. పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలకు ఒకే రెజ్యూమె పాతిక సార్లు పంపాను, ఒక్క ఫోనూ రాలేదు. ఇప్పుడు ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్, అదే క్యూసీ, కెమిస్ట్ ఉద్యోగానికి ప్రకటన ఇచ్చింది. దాన్నీ నా రెజ్యూమెనీ జత చేశాను. దీనికి తగ్గట్టు ఎలా మార్చమంటారు?

జవాబు: బాబూ, రెండు కాగితాలూ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టుకుని చదివాను. నీ రెజ్యూమెలో టాలీ ఉంది, సీ లాంగ్వేజ్ ఉంది, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు ఉంది, మీ నాన్నగారి పేరూ పుట్టుమచ్చలూ కూడా ఉన్నాయి. టైట్రేషన్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నువ్వు రోజంతా చేసేది అదే కదయ్యా!

ముందు ప్రకటనలో 'తప్పనిసరి' అన్నవాటి కింద పెన్సిల్‌తో గీత గియ్యి. నాలుగే ఉన్నాయి: కెమిస్ట్రీ డిగ్రీ, 60 శాతం, 2022 తర్వాత పాసై ఉండటం, షిఫ్టుల్లో పనిచెయ్యడం. మొదటి వడపోత వీటితోనే జరుగుతుంది. హెచ్‌ఆర్‌లో కాగితాలు తిరగేసే మనిషికి కెమిస్ట్రీ తెలిసి ఉండాలని లేదు. ఈ నాలుగూ కనిపిస్తున్నాయా లేదా అన్నదే చూస్తారు. నీ శాతం రెండో పేజీలో ఎక్కడో పట్టికలో ఉంది, షిఫ్టుల సంగతి అసలు లేదు. పేరు కిందే, మొదటి రెండు లైన్లలో ఈ నాలుగూ పెట్టు. నీకు 57 శాతమే వచ్చి ఉంటే ఈ ప్రకటన వదిలెయ్యమనేవాణ్ణి. ఆ లోటును రాతతో పూడ్చలేం. 'ఉంటే మంచిది' అన్నవి వేరే రంగుతో గియ్యి. అందులో హెచ్‌పీఎల్‌సీ, అంటే నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం మీద అనుభవం ఉంది. నీకు ఆ అనుభవం లేదు. అక్కడితో ఆగిపోనక్కర్లేదు, ఎందుకో కింద చెప్తాను.

తర్వాత చెయ్యాల్సిన పనులు. 'ముడిసరుకుల, ఇన్‌ప్రాసెస్ నమూనాల వెట్ అనాలిసిస్', 'రీఏజెంట్ల తయారీ', 'పరికరాల రోజువారీ కాలిబ్రేషన్' అని రాశారు. వీటిలో సగం నువ్వు వేరే పేరుతో ఇప్పటికే చేస్తున్నావు. చెరువు నీటి ఆల్కలినిటీ చూసేటప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తావు. హార్డ్‌నెస్‌కి ఈడీటీఏ పోస్తూ ఎర్రరంగు నీలంగా మారే చుక్క దగ్గర ఆపుతావు. పొద్దున్నే పీహెచ్ మీటర్‌ని 4, 7, 10 బఫర్లలో సరిచూస్తావు. ఫార్మా ల్యాబ్‌లో నమూనా వేరు, పట్టింపులు చాలా ఎక్కువ, కానీ బ్యూరెట్ పట్టుకున్న చెయ్యి ఒకటే. నీ రెజ్యూమెలో ఇదంతా 'నీటి నమూనాలు పరీక్షించి రిపోర్టులు ఇచ్చుట' అన్న ఒక్క ముక్కలో పోయింది. దాన్ని ఇలా విప్పు (ఇంగ్లీషులో నువ్వే రాసుకో, అర్థం ఇది):

'రోజుకు సుమారు 25 నమూనాలకు ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ టైట్రేషన్లు. ఈడీటీఏ, ఆమ్ల ద్రావణాల తయారీ, స్టాండర్డైజేషన్. పీహెచ్ మీటర్‌కు రోజూ మూడు బఫర్లతో కాలిబ్రేషన్, రిజిస్టర్‌లో నమోదు.'

25 అన్నది నేను వేసిన అంకె. నీ రిజిస్టర్‌లో ఒక వారం పేజీలు లెక్కపెట్టి అసలు సగటు వెయ్యి. ద్రావణాలు మీ సీనియర్ చేస్తుంటే ఆ ముక్క తీసెయ్యి.

ఇక ప్రకటన నోరు విప్పి చెప్పని సంగతి. మళ్లీ చదివి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడు. హెచ్‌పీఎల్‌సీ ఒక్కసారి వచ్చింది. రికార్డుల సంగతి నాలుగుసార్లు: 'రికార్డులు ఎప్పటికప్పుడు నింపాలి', 'గుడ్ డాక్యుమెంటేషన్ ప్రాక్టీసెస్ తెలిసి ఉండాలి', 'డేటా ఇంటిగ్రిటీ పాటించాలి', చివర్లో 'ఎల్లప్పుడూ ఆడిట్‌కు సిద్ధంగా'. అమెరికాకు మందు పంపే ప్లాంట్లకు అక్కడి ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వస్తారు. ఫలితం ఒక్కటే చూసి ఊరుకోరు, ఆ ఫలితం ఎలా వచ్చిందో కాగితం కాగితం అడుగుతారు. వెనక తేదీ వేసిన ఎంట్రీ, తీసి పక్కన పారేసిన రీడింగ్ లాంటివి బయటపడితే వార్నింగ్ లెటర్ దాకా పోవచ్చు. హెచ్‌పీఎల్‌సీ నడపడం వాళ్లే నేర్పుకుంటారు. చిత్తుకాగితం మీద రాసి సాయంత్రం రిజిస్టర్‌లోకి ఎక్కించే అలవాటు మాన్పించడమే వాళ్లకు కష్టం. అనుభవం 0 నుంచి 2 ఏళ్లని పెట్టింది అందుకేనని నా అంచనా.

కాబట్టి నీ అనుభవం కింద రికార్డుల లైను రెండోదిగా రావాలి. రీడింగ్ చూసిన వెంటనే రిజిస్టర్‌లో రాస్తావా? తప్పు పడితే కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేస్తావా? అలా చేస్తుంటే ఆ మాటలే రాయి. వైట్నర్ పూస్తుంటే రేపట్నుంచి మానెయ్, ఇవాళ మాత్రం ఆ లైను రాయకు. మందుల తయారీలో పాటించే జీఎంపీ నియమాలు మీ ల్యాబ్‌లో లేవు, ఆ మాటను కూడా అరువు తెచ్చుకోకు.

ఇంకో చిన్న సూచన కూడా ఉంది. 'ప్లాంటు పరిసరాల్లో నివాసం ఉండగలవారికి ప్రాధాన్యం' అన్నారు. చేరి ఆర్నెల్లకే మానేసేవాళ్లతో విసిగినట్టున్నారు. నరసన్నపేట చిరునామా చూసి, ఈ కుర్రాడు రాత్రి షిఫ్టు దిగి ఇంటికెలా పోతాడు అనుకుంటారు. నిజంగా గది తీసుకునే ఉద్దేశం ఉంటే 'ప్లాంటు దగ్గర్లోని రణస్థలం పరిసరాల్లో నివాసం ఉండడానికి సిద్ధం' అని చిరునామా పక్కనే పెట్టు. ఇంట్లో అడిగి పెట్టు సుమా.

హెచ్‌పీఎల్‌సీ సంగతి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ప్రకటనలోని వాక్యాలన్నీ ఉన్నవున్నట్టు తన రెజ్యూమెలోకి దించేశాడు. ఇంటర్వ్యూ వరకూ వెళ్లాడు. ఆ యంత్రంలో పారించే ద్రావకాన్ని, అదే మొబైల్ ఫేజ్‌ని, వాడే ముందు వడకట్టి, అందులోని గాలి ఎందుకు తీసేస్తారని అడిగారట. కణాలు కాలమ్‌ని మూసేస్తాయి, గాలి బుడగలు పంపులో చేరితే ప్రవాహం తేడా కొడుతుంది. యంత్రం దగ్గర నాలుగు రోజులు నిలబడినవాడికి తెలిసే సంగతే. ఇతను నోరు తెరవలేదు. ఆ తర్వాత టైట్రేషన్ గురించి సరిగ్గా చెప్పినా నమ్మలేదు. నువ్వు కాలేజీలో చూసిందే అయితే 'హెచ్‌పీఎల్‌సీ: సిద్ధాంతం చదివాను, డెమో చూశాను' అని చివర ఒక లైను చాలు.

టాలీ, సీ లాంగ్వేజ్, పుట్టుమచ్చలు, పైనున్న ఆ 'ఆబ్జెక్టివ్' పేరా తీసెయ్. ఎక్సెల్ ఉంచు. అంతా ఒక్క పేజీలో సరిపోతుంది. అయ్యాక ప్రతి లైను దగ్గరా ఆగి, ఇది ప్రకటనలో ఏ లైనుకి జవాబు అని అడుగు. దేనికీ కాకపోతే కొట్టెయ్.

ఫైలు పేరు ఇప్పుడు `resume_final2_new.pdf` అని ఉంది, `QC_Chemist_` తర్వాత నీ పేరు పెట్టు. మెయిల్ సబ్జెక్టులో ప్రకటనలో ఇచ్చిన జాబ్ కోడ్ రాయి. ఈ ప్రకటన ప్రింటు మాత్రం పారెయ్యకు. ఫోన్ వచ్చేసరికి అసలు ప్రకటన నెట్‌లోంచి తీసేసి ఉంటారు, ఇంటర్వ్యూకి చదువుకోడానికి నీ దగ్గర మిగిలేది ఆ గీతలు గీసిన కాగితమే.