‘రిగార్డింగ్’ వెనుక దాగిన ప్రశ్న: ఆఫీసు మెయిళ్లలో క్రియను వెతకడం

ప్రశ్న: సార్, నాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిప్లొమా మాత్రం ఇంగ్లీషులో చదివాను. ఇప్పుడు రాయగడ దగ్గర ఒక కర్మాగారంలో స్టోర్స్ విభాగంలో ట్రైనీగా ఉన్నాను. నా మెయిళ్లలో గ్రామర్ తప్పులు లేవు గానీ, చదివితే ఏం కావాలో తెలియడం లేదని మా మేనేజరు గారు అంటున్నారు. ‘మేక్ ఎ డెసిషన్ రిగార్డింగ్’ లాంటివి మానేసి నేరుగా రాయమన్నారు. ఒక మెయిలు జతచేశాను. ఎలా మార్చుకోవాలో చెప్పగలరు.

జవాబు: మీరు పంపిన మెయిలు చదివాను. బేరింగుల్లో 6 తక్కువ వచ్చాయి, వచ్చిన 34 తీసుకోవాలా వద్దా అన్నది దాని సారాంశం. అందులో మీరు అడగదలచుకున్నది చివరి వాక్యానికి ముందు వాక్యంలో ఉంది: ‘యు ఆర్ రిక్వెస్టెడ్ టు మేక్ ఎ డెసిషన్ రిగార్డింగ్ ది యాక్సెప్టెన్స్ ఆఫ్ ద రిమైనింగ్ లాట్.’ ఈ 14 మాటల్లో జరగవలసిన పనులు రెండే, ఒకటి నిర్ణయించడం, రెండోది సరుకు తీసుకోవడం. ఆ రెండింటినీ మీరు ‘డెసిషన్’, ‘యాక్సెప్టెన్స్’ అనే నామవాచకాలుగా మార్చేశారు కాబట్టి, వాక్యం నిలబడడానికి ‘మేక్’ అనే అర్థం లేని క్రియను, రెండు నామవాచకాలనూ అతికించడానికి ‘రిగార్డింగ్’, ‘ఆఫ్’ అనే మాటలను తెచ్చుకోవలసి వచ్చింది.

ఈ అలవాటు మీకు ఇంగ్లీషు రానందువల్ల వచ్చింది కాదు. మన వ్రాత తెలుగులోనూ ‘నిర్ణయం తీసుకోవడం జరిగింది’, ‘పరిశీలన చేయడం జరుగుతుంది’ అని రాస్తాం, ఒడియాలో కూడా ‘నిష్పత్తి నేబా’ అనే అంటారు. (తెలుగు పిల్లలు లెక్కల్లో చదివే నిష్పత్తి వేరు, ఒడియాలో ఆ మాటకు నిర్ణయం అని అర్థం. మన జిల్లాలో మొదటిసారి ఒడియా నోటీసు చదివిన తెలుగువారు అక్కడ ఒక్క క్షణం ఆగిపోవడం నేను చూశాను.) రెండు భాషల ఆఫీసు ధోరణీ ఒకటే కావడంతో ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు మీ చేయి సహజంగానే నామవాచకం వైపు వెళుతుంది. అయితే మాట్లాడేటప్పుడు మీరు అలా మాట్లాడరు. ఇదే సంగతిని మీ మేనేజరుగారికి ఫోనులో చెప్పవలసి వస్తే, ‘సార్, మిగతా బేరింగులు తీసుకోవాలా, వద్దా? శుక్రవారంలోపు చెప్పండి’ అంటారు. ఆ వాక్యంలో ‘తీసుకోవాలా’, ‘చెప్పండి’ అనే క్రియలే ఉన్నాయి, ‘గురించి’ అనే మాట లేదు. ఇంగ్లీషు మెయిలు రాసే ముందు ఆ ఫోను మాటను ఒకసారి మనసులో అనుకుని, అందులోని క్రియలను పట్టుకోవాలని నా మొదటి సలహా.

ఇక్కడ చాలామంది సగం దారిలో ఆగిపోతారు. ‘మేక్ ఎ డెసిషన్’ను ‘డిసైడ్’గా మార్చి, ‘ప్లీజ్ డిసైడ్ రిగార్డింగ్ ది యాక్సెప్టెన్స్ ఆఫ్ ద లాట్’ అని రాసి పని అయిపోయిందనుకుంటారు. క్రియ వచ్చింది, మాటలు కొన్ని తగ్గాయి, కానీ మెయిలు చదివేవారికి ఇంకా ఏం చెప్పాలో తెలియదు, ఎందుకంటే అసలు మసక ‘డెసిషన్’లో కాక ‘రిగార్డింగ్’లో ఉంది. తీసుకోవాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, ఎన్ని తీసుకోవాలన్నది ఇంకొకటి, ఎప్పుడు తీసుకోవాలన్నది మరొకటి. ‘రిగార్డింగ్’ వాటన్నిటినీ ఒకే మూటలో కడుతుంది. కాబట్టి ‘డిసైడ్’ తర్వాత ‘రిగార్డింగ్’ ఉండవలసిన చోట ‘వెదర్’, ‘విచ్’, ‘వెన్’, ‘హౌ మెనీ’ వంటి ప్రశ్నార్థక పదం ఒకటి పెట్టి చూడండి. ఏది పెట్టాలో మీకు వెంటనే తోచకపోతే, మీరు అడగబోయేది మీకే ఇంకా తేలలేదన్న మాట. అప్పుడు మెయిలు ఆపి మళ్లీ రిజిస్టరు చూసుకోవడం మంచిది.

మీ వాక్యానికి సరైన పదం ‘వెదర్’. అప్పుడు అది ‘ప్లీజ్ డిసైడ్ బై ఫ్రైడే వెదర్ టు యాక్సెప్ట్ ది అదర్ 34’ అవుతుంది. మీ 14 మాటల స్థానంలో 10 మాటలే వచ్చాయి, పైగా మీ మొదటి వాక్యంలో లేని గడువు, సంఖ్య కూడా ఇందులో చేరాయి. మాటలు తగ్గడం కంటే ఈ రెండు వివరాలు రావడమే నా దృష్టిలో పెద్ద లాభం, ఎందుకంటే క్రియ రాసేసరికి ఎవరు, ఏది, ఎప్పటికి అన్నవి రాయక తప్పదు.

మీ మెయిలులోని మిగతా వాక్యాలనూ ఇదే దృష్టితో చూద్దాం. ‘యాన్ ఇన్‌స్పెక్షన్ ఆఫ్ ద రిసీవ్డ్ బేరింగ్స్ వాజ్ క్యారీడ్ అవుట్ ఆన్ ట్యూస్‌డే’ అన్నది 11 మాటలు. పరీక్షించింది మీరూ మీ సహోద్యోగీ కాబట్టి ‘వీ ఇన్‌స్పెక్టెడ్ ద బేరింగ్స్ ఆన్ ట్యూస్‌డే’ అంటే 6 మాటల్లో అదే సంగతి వస్తుంది. ఎవరు పరీక్షించారన్నది ముఖ్యం కానిచోట ‘ద బేరింగ్స్ వర్ ఇన్‌స్పెక్టెడ్’ అన్నా తప్పేమీ లేదు, అక్కడ కూడా నామవాచకం క్రియగా మారింది కదా. తర్వాతి వాక్యంలో 6 తక్కువ వచ్చాయని చెప్పి, ‘ఎ డిస్కషన్ వాజ్ హెల్డ్ విత్ ద సప్లయర్ రిగార్డింగ్ ద సేమ్’ అన్నారు. చర్చ జరిగిందన్న సంగతి మీ మేనేజరుగారికి అంత అవసరం లేదు, ఆ చర్చలో ఏం తేలిందో కావాలి. సప్లయరు ఆ ఆరింటినీ 18వ తేదీలోపు పంపుతానన్నారని మీరు కింద వేరే పేరాలో రాశారు. కాబట్టి ఆ రెండు చోట్లనూ కలిపి, ‘ద సప్లయర్ ప్రామిస్డ్ టు సెండ్ ద మిస్సింగ్ 6 బై ది ఎయిటీన్త్’ అంటే చాలు. చర్చను ‘వీ డిస్కస్డ్’ అని క్రియగా మార్చడం కూడా ఇక్కడ అనవసరం, ఆ వాక్యాన్నే తీసేయవచ్చు.

చివరిదైన ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ మన ఆఫీసుల్లో పాతుకుపోయిన మాట. పైకి ఇందులో ‘డూ’ అనే క్రియ ఉన్నట్లే కనిపిస్తుంది గానీ, ఏం చేయాలో చెప్పే బాధ్యతను అది ఎదుటివారి మీద పడేస్తుంది. మీకు కావలసింది సొమ్ము చెల్లింపునకు అనుమతి. అందువల్ల దాని స్థానంలో ‘ఇఫ్ యు యాక్సెప్ట్ దెమ్, ప్లీజ్ అప్రూవ్ పేమెంట్ ఫర్ 34 ఓన్లీ’ అని రాయండి. గమనించారా, ఇక్కడ ‘పేమెంట్’ అనే నామవాచకాన్ని నేను అలాగే ఉంచాను. దానిని విడదీసి ‘అప్రూవ్ దట్ వీ పే’ అని రాస్తే ఇంగ్లీషు వికారంగా ఉంటుంది.

ఏది మార్చాలో, ఏది ఉంచాలో తెలుసుకోవడానికి నేను విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష చెబుతుంటాను. ఆ నామవాచకం ఫైలులో పెట్టగల కాగితానికో, పద్దులో ఒక వరుసకో పేరైతే దాన్ని ముట్టుకోవద్దు. కొటేషన్, రిక్విజిషన్, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, పేమెంటు అలాంటివి. అది ఎవరో ఒకరు చేయవలసిన పనైతే మార్చండి. మెయిలు పూర్తయ్యాక `Ctrl+F` నొక్కి `tion` అనీ, `sion` అనీ, మళ్లీ `ment` అనీ వెతికితే ఇవి చాలావరకు ఒకచోట కనిపిస్తాయి. వెతికినప్పుడు స్టేషన్, సెక్షన్ వంటివి కూడా పట్టుబడతాయి, వాటిని వదిలేయండి. ‘యాక్సెప్టెన్స్’, ‘అప్రూవల్’ వంటివి మాత్రం ఈ వెతుకులాటకు దొరకవు కాబట్టి, ‘మేక్’, ‘గివ్’, ‘టేక్’, ‘ప్రొవైడ్’, ‘క్యారీ అవుట్’ అనే మాటలు కనిపించిన ప్రతిచోటా పక్కనున్న నామవాచకాన్ని కంటితోనే చూసుకోవలసి ఉంటుంది.

మార్చేటప్పుడు మన తెలుగువారు తరచుగా జారే చోటు ఒకటి ఉంది. నామవాచకానికి తోకగా వచ్చిన ‘అబౌట్’, ‘ఫర్’, ‘ఆన్’, ‘టు’ లాంటి మాటలు, నామవాచకం క్రియ అయ్యాక చాలాచోట్ల రాలిపోవాలి. ‘హావ్ ఎ డిస్కషన్ అబౌట్ ద షార్టేజ్’ అన్నది ‘డిస్కస్ ద షార్టేజ్’ అవుతుంది, ‘డిస్కస్ అబౌట్’ కాదు. ‘మేక్ ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ను ‘రిక్వెస్ట్ లీవ్’ అనాలి, ‘గివ్ కన్సిడరేషన్ టు’ను ఒట్టి ‘కన్సిడర్’ అనాలి, ‘ప్లేస్ ఎంఫసిస్ ఆన్’ను ‘ఎంఫసైజ్’ అనాలి. తెలుగులో ‘కొరత గురించి చర్చించాం’ అనడం సహజం కనుక ఆ ‘గురించి’ మన చేతిలో ‘అబౌట్’గా మిగిలిపోతుంది. అలాగని అన్నిచోట్లా తోక తెంచకూడదు. ‘మేక్ ఎ కంప్లెయింట్ అబౌట్’ మారి ‘కంప్లెయిన్ అబౌట్’ అవుతుంది, అక్కడ ‘అబౌట్’ ఉండవలసిందే. అనుమానం వచ్చిన ప్రతిసారీ నిఘంటువులో ఆ క్రియ కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం చూడడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

పై అధికారికి ‘ప్లీజ్ డిసైడ్’ అని రాస్తే ఆజ్ఞాపించినట్లు ఉండదా అని మీకు అనిపించవచ్చు, ఆ సంకోచం న్యాయమైనదే. ‘కుడ్ యు ప్లీజ్ డిసైడ్ బై ఫ్రైడే’ అని ప్రశ్నగా అడిగితే మర్యాద నిలుస్తుంది, క్రియా పోదు. శుక్రవారమే ఎందుకో, అంటే సప్లయరు బండి శనివారం తిరిగి వెళ్లిపోతుందన్న కారణాన్ని, అదే వాక్యంలో చేరిస్తే ఆజ్ఞ అన్న భావమే రాదు. అయితే ఒక సందర్భంలో మాత్రం నామవాచకాన్నే ఉంచండి. ఆలస్యం ఆయన దగ్గరే జరిగినప్పుడు ‘యు హావ్ నాట్ అప్రూవ్డ్’ అన్న సూటి వాక్యం వేలెత్తి చూపినట్లు ఉంటుంది కాబట్టి, ‘వీ ఆర్ వెయిటింగ్ ఫర్ యువర్ అప్రూవల్’ అనడమే మంచిది.

మీ మెయిలు సబ్జెక్టు గడిలో ‘రిగార్డింగ్ బేరింగ్స్’ అని ఉంది. పైన చెప్పినదంతా చేసి ఆ గడిని అలాగే వదిలేస్తే, మెయిలు తెరవకముందే మేనేజరుగారికి మళ్లీ పాత మసకే ఎదురవుతుంది. అక్కడ ‘34 బేరింగ్స్: యాక్సెప్ట్ ఆర్ రిటర్న్? రిప్లై బై ఫ్రైడే’ అని పెట్టి, పైన మార్చిన వాక్యాలను మీ మెయిలులో ఉన్న వరుసలోనే కింద రాసి పంపండి.