సైలోలో పైపొర గడ్డకట్టడానికి మూలం పురుగు కాదు, లోపల నిలిచిన వేడి

ప్రశ్న: మూడు నెలల క్రితం వంద టన్నుల ఇనుప సైలోలో మొక్కజొన్న నింపాను. అప్పుడు మీటరు తేమ 13.5 శాతం చూపింది. ఇప్పుడు పైపొర నడిమధ్య గడ్డకట్టింది, ముక్కిన వాసన వస్తోంది, ముక్కు పురుగులు తిరుగుతున్నాయి. కప్పు కారుతోందని నా అనుమానం. రాత్రి గాలిలో చెమ్మ ఎక్కువని ఫ్యాను మధ్యాహ్నం పూట నాలుగు గంటలే వేస్తున్నాను. డీలరు ఇచ్చిన బిళ్ళలు రెండుసార్లు, మూడేసి రోజులు పెట్టినా పురుగు పోలేదు. మోతాదు ఎంత పెంచాలి?

జవాబు: మోతాదు పెంచవద్దు. మీ గింజకు వచ్చిన జబ్బు వేరు, మీరు చేస్తున్న వైద్యం వేరు.

కప్పు కారితే తడి ఏదో ఒక అతుకు కిందో, బోల్టు కిందో మొదలై, అక్కడి నుంచి నిలువుగా లోపలికి దిగుతుంది. వాన పడిన తరువాత ఎక్కువవుతుంది. నడిమధ్య పైపొర మాత్రమే గట్టిపడటం, తెల్లవారుజామున కప్పు రేకు లోపలివైపు చెమట పట్టినట్టు నీటి చుక్కలు కనిపించడం మాత్రం లోపలి చెమ్మ పైకి చేరిందనడానికి గుర్తులు. గింజను వెచ్చగా ఉన్నప్పుడే నింపారు. బయట వాతావరణం చల్లబడే కొద్దీ గోడల పక్కనున్న గాలి చల్లబడి కిందికి దిగుతుంది, అది నడిమి వెచ్చని గింజ గుండా పైకి లేస్తూ కొంత తేమను మోసుకుపోయి, చల్లని పైపొరను తాకగానే అక్కడ వదిలేస్తుంది. వారాల తరబడి ఇదే జరిగితే, నింపిన రోజున అంతటా 13.5 శాతమే ఉన్నా, పైన బూజు పట్టేంత చెమ్మ చేరుతుంది. అసలు అంతటా 13.5 ఉండేదా అన్నది కూడా అనుమానమే, ఎందుకంటే ఒకే నమూనా కొలిచినప్పుడు 16 శాతంతో వచ్చిన లోడు ఏదైనా ఉంటే అది లెక్కలోకి రాదు.

ఇక ఫ్యాను సంగతి. మధ్యాహ్నపు గాలి పొడిగా ఉంటుందన్న మీ ఆలోచన వినడానికి సబబుగానే ఉంది గానీ, ఇంత చిన్న ఫ్యాను పని గింజను ఆరబెట్టడం కాదు, చల్లబరచడం. ఆరబెట్టాలంటే దాదాపు పదింతలు గాలి కావాలి. మధ్యాహ్నం వేడి గాలిని పంపితే గింజలో ఉన్న వేడిని మీరే కాపాడినట్టవుతుంది, పురుగుకు కావలసింది కూడా అదే. 25 నుంచి 33 డిగ్రీల మధ్య ముక్కు పురుగు జోరుగా వృద్ధి చెందుతుంది, 15 డిగ్రీల దగ్గర దాని సంతానోత్పత్తి దాదాపు ఆగిపోతుంది.

రాత్రి గాలి చెమ్మ గురించి మీరు పడుతున్న భయానికి ఒక లెక్క చూడండి. బయట 18 డిగ్రీల వేడి, 85 శాతం గాలి తేమ ఉందనుకుందాం. ఆ గాలి 28 డిగ్రీల గింజలోకి చేరి వెచ్చబడగానే దాని తేమ 46 శాతం దగ్గరికి పడిపోతుంది, అంటే వెచ్చని గింజకు అది పొడి గాలే. అయితే అడుగు గింజ 18 డిగ్రీలకు చల్లబడిన తరువాత అదే గాలి అక్కడ 85 శాతంగానే ఉండి, కొద్దికొద్దిగా చెమ్మ ఎక్కిస్తుంది. అందువల్ల చల్లదనం అడుగు నుంచి పైదాకా చేరగానే ఫ్యాను ఆపాలి. పొగమంచు, వాన ఉన్నప్పుడు అసలు వేయకూడదు.

ఎన్ని గంటలు వేయాలన్నది ఫ్యాను శక్తిని బట్టి ఉంటుంది. టన్నుకు గంటకు సుమారు 7 ఘనపు మీటర్ల గాలి, అంటే మీ వంద టన్నులకు 700 ఘనపు మీటర్లు పంపే ఫ్యానయితే, చల్లదనం సైలో అంతా దాటడానికి దాదాపు 150 గంటలు పడుతుంది. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున అది పంతొమ్మిది రాత్రుల పని. బయటి గాలి గింజ కన్నా కనీసం 5 డిగ్రీలు చల్లగా ఉన్నప్పుడు వేయండి, ఆపిన ప్రతిసారీ ఫ్యాను మూతిని మూసేయండి, లేకపోతే పగటి గాలి తనంతట తానే లోపలికి పాకుతుంది. గాలిని కింది నుంచి పైకి నెట్టే ఫ్యానయితే కప్పు మీది గాలి దారులన్నీ తెరిచి ఉంచండి, చివరగా చల్లబడేది పైపొర కనుక అక్కడ థర్మామీటరు చూసి పని పూర్తయిందని తేల్చుకోండి.

అంతకు ముందు పెచ్చు తీయించాలి, అది లోపలికి వెళ్లే గాలికి మూతలా అడ్డుపడుతుంది. ఇక్కడ మాత్రం తొందరపడవద్దు. గట్టిపడిన పొర కింద డొల్ల ఉండవచ్చు, మనిషి కాలు పెడితే కూరుకుపోతాడు. గింజ దించే యంత్రానికి కరెంటు ఆపి తాళం వేయాలి, రెండుసార్లు బిళ్ళలు పెట్టిన సైలో కనుక విషవాయువు లేదని పరికరంతో కొలిపించాలి, నడుముకు తాడు, ముఖానికి దుమ్ము మాస్కు ఉన్నవారే బయట మరొకరి కాపలాలో దిగాలి. తీసిన బూజు గింజను మంచి దానిలో కలపవద్దు, పశువులకూ కోళ్లకూ పెట్టవద్దు. ఆరబెట్టినంత మాత్రాన అఫ్లటాక్సిన్ విషం పోదు. కింది గింజను కూడా దాణాకు వాడే ముందు పరీక్ష చేయించండి.

పెచ్చు తీశాక అడుగు తూము నుంచి కొంత గింజను దించండి. సైలో నింపేటప్పుడు నూక, పొట్టు, దుమ్ము గొట్టం కిందే పడి నడిమధ్య గూడుకడతాయి, గాలి ఆ ఇరుకులోకి దూరలేక పక్కల నుంచి జారిపోతుంది. పైన కుప్ప తిరగబడి గుంటలా కనిపించేదాకా దించితే ఆ నూకలో చాలా భాగం బయటికి వస్తుంది. దాన్ని జల్లించాకే గింజను తిరిగి పోయండి.

చివరగా బిళ్ళలు. కప్పు దారులు తెరిచి ఉన్న సైలోలో మూడు రోజులు పెట్టిన బిళ్ళలు పైన తిరిగే పెద్ద పురుగులను చంపి, గింజ లోపలి గుడ్లనూ కోశస్థ దశనూ వదిలేస్తాయి. అవి బయటికి రాగానే మందు పనిచేయలేదంటూ డీలరు మరో డబ్బా చేతిలో పెడతాడు, ఎన్ని రోజులు మూసి ఉంచారని మాత్రం అడగడు. గ్యాసు తక్కువగా తగిలి బతికిన పురుగుల సంతతే రేపు ఆ మందుకు లొంగని పురుగు. పైగా తడి పెచ్చులో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ గుచ్చితే గ్యాసు ఒక్కసారిగా వెలువడి మంట లేచే ప్రమాదం ఉంది, ఆ మందుకు బూజు చావదు కూడా. గింజ చల్లబడ్డాక కిలో నమూనాను జల్లెడ పట్టి చూడండి. బతికిన పురుగు కనిపిస్తేనే, అనుమతి ఉన్న ఫ్యూమిగేషన్ సిబ్బందితో, ఫ్యాను మూతితో సహా అన్ని దారులూ మూయించి, ఒకేసారి పూర్తిగా చేయించండి. మోతాదు వారు లేబుల్ ప్రకారం నిర్ణయిస్తారు. గింజ 25 డిగ్రీలకు పైన ఉంటే 7 రోజులు, 15 నుంచి 25 మధ్య ఉంటే 10 రోజులు తగ్గకుండా మూసి ఉంచమని మీరు పట్టుబట్టాలి.

ఆ తరువాత వారానికోసారి నడిమధ్య మూడు లోతుల్లో వేడిని రాసి పెట్టుకోండి. బయటి వాతావరణం మారకుండానే ఒక చోట వారంలో 3 డిగ్రీలు పెరిగితే, అక్కడి నుంచే నమూనా తీసి తేమ, పురుగు రెండూ చూడాలి. ఈసారి మీటరును కనీసం ఐదు చోట్ల పెట్టి, వేడికి తగిన సవరణతో చదవండి.