నెగటివ్ కంట్రోల్‌లో బ్యాండ్ వస్తే వైవాలో ఏం చెప్పాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. పది రోజుల్లో ప్రాజెక్ట్ వైవా. నా 16ఎస్ పీసీఆర్ జెల్‌లో నెగటివ్ కంట్రోల్ లేన్‌లో కూడా సన్నగా బ్యాండ్ కనిపిస్తోంది. ఎగ్జామినర్ అడిగితే ఏం చెప్పాలి? ఆ లేన్ కట్ చేసి ఫొటో పెట్టేయనా?

జవాబు: కట్ చేయకండి. నెగటివ్ లేని జెల్ ఫొటో చూడగానే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే. నా వైవాలో ఎక్స్‌టర్నల్ గారు ఫొటోను కళ్లద్దాల దగ్గరకు తెచ్చుకుని, ఎనిమిదో లేన్ మీద పెన్ను మొన ఆనించి, "ఇదేంటమ్మా?" అన్నారు. "కంటామినేషన్ సార్" అన్నాను. "అది నాకూ కనిపిస్తోంది. ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు. అసలు వైవా అక్కడ మొదలైంది. అదృష్టం కొద్దీ దాని కోసం మూడు వారాలు కొట్టుకుని ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను.

నావి వేరుశనగ చేను మట్టిలోంచి తీసిన ఆరు ఐసొలేట్లు. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లు, 25 మైక్రోలీటర్ల రియాక్షన్, 35 సైకిల్స్. నెగటివ్‌లో బ్యాండ్ సరిగ్గా 1500 బేస్‌పెయిర్ల దగ్గరే ఉంది. ముందు మీది ఏ సైజులో ఉందో లాడర్‌తో పోల్చి చూడండి. వంద లోపు, జెల్ అడుగున మసకగా ఉంటే అది ప్రైమర్ డైమర్; ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని వచ్చింది, బయటి డీఎన్ఏ కాదు. అదే చెప్పేయొచ్చు.

నేను మొదట లోడింగ్‌ని అనుమానించాను, పక్క వెల్ నుంచి పొర్లిందేమోనని. అదే ట్యూబును మధ్యలో రెండు వెల్స్ ఖాళీగా వదిలి మళ్లీ రన్ చేస్తే బ్యాండ్ అలాగే ఉంది. అంటే తప్పు జెల్‌లో కాదు, ట్యూబులోనే ఉంది. తర్వాత నీళ్లు మార్చాను, తగ్గలేదు. ప్రైమర్లు కొత్తగా డైల్యూట్ చేశాను, తగ్గలేదు. పాత ప్రొడక్ట్ గాల్లో తిరుగుతోందేమోనని పక్క ల్యాబ్ హుడ్‌లో, వాళ్ల పిపెట్లతో సెట్ చేశాను. అయినా వచ్చింది. ఇక మార్చనిది టాక్ ఎంజైమ్ ఒక్కటే.

టాక్‌ని ఇప్పుడు ఎక్కువగా ఈ.కోలైలోనే తయారు చేస్తారు. ఎంత శుద్ధి చేసినా ఆ ఈ.కోలై డీఎన్ఏ కాస్త మిగలొచ్చు. మామూలు జీన్ ప్రైమర్లకు దాంతో పనిలేదు. కానీ 16ఎస్ యూనివర్సల్ ప్రైమర్లు ఏ బ్యాక్టీరియా దొరికినా పట్టుకుంటాయి, పైగా ఒక్కో ఈ.కోలై జీనోమ్‌లో 16ఎస్ కాపీలు ఏడు ఉంటాయి. మీ ప్రైమర్లు బ్యాక్టీరియాలో లేని ఏదైనా జీన్‌వి అయితే మాత్రం ఈ సమాధానం చెప్పకండి, దొరికిపోతారు.

ఎగ్జామినర్‌ని ఒప్పించింది లెక్క. ఒక్క కాపీతో మొదలై ప్రతి సైకిల్‌కూ రెట్టింపు అయితే, 35 సైకిల్స్‌కు సుమారు 3400 కోట్ల కాపీలు. 1500 బేస్‌పెయిర్ల ముక్కలు అన్ని ఉంటే దాదాపు 55 నానోగ్రాములు. ఐదో వంతు లోడ్ చేసినా 11, ఇథిడియం బ్రోమైడ్‌తో కనిపించేస్తుంది. నిజంగా ప్రతిసారీ రెట్టింపు కాదు కాబట్టి మొదట కొన్ని కాపీలు ఎక్కువ కావాలి, అంతే. అదే సైకిల్స్ 25కి తగ్గిస్తే ప్రొడక్ట్ వెయ్యో వంతుకు పడిపోతుంది, బ్యాండ్ కనిపించదు. శాంపిల్స్‌లో మాత్రం ఒక నానోగ్రాము డీఎన్ఏ అంటేనే సుమారు రెండు లక్షల జీనోమ్‌లు, వాటికి 25 సరిపోతాయి. నేను 26 సైకిల్స్ పెట్టాను. నెగటివ్ లేన్ ఖాళీ, ఆరు ఐసొలేట్లకూ బ్యాండ్లు. రెండు జెల్ ఫొటోలూ థీసిస్‌లో పక్కపక్కనే పెట్టాను.

"మరి ముందు జెల్‌లోని శాంపిల్ బ్యాండ్లు నీ బ్యాక్టీరియావే అని ఎలా నమ్మాలి?" అని అడిగారు. నెగటివ్ బ్యాండ్‌ని కూడా కోసి సీక్వెన్సింగ్‌కు పంపాను. అది ఈ.కోలై అని వచ్చింది. నా ఐసొలేట్లేమో బేసిల్లస్, సూడోమోనాస్. వాటి క్రొమాటోగ్రామ్‌లలో ఒక పీక్ కింద ఇంకో పీక్ దూరలేదు. మీ నెగటివ్ బ్యాండ్ శాంపిల్స్ అంత మందంగా ఉంటే ఈ వాదన నిలవదు, ఆ పీసీఆర్ పక్కన పెట్టి మళ్లీ చేయాల్సిందే. పది రోజులు దానికి చాలు. సీక్వెన్సింగ్‌కు టైమ్ లేకపోతే వేరే లాట్ టాక్‌తో ఒకటి, తక్కువ సైకిల్స్‌తో ఒకటి రన్ చేయండి.

చివర్లో ఆయన అడిగింది, "టాక్ లాట్ నంబర్ రాసుకున్నావా?" అని. రాసుకోలేదు. ఖాళీ ట్యూబు ఇంకా ఫ్రీజర్ డబ్బాలోనే ఉంది కాబట్టి, వైవా మధ్యలో లేచి వెళ్లి తెచ్చి చూపించాను.